శ్రావణ శుక్రవారం రాసిన దస్తావేజు

వ్యాజ్యంలో ఉన్న భూమి చవగ్గా వస్తోందని నా దగ్గరికి సలహాకి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కడూ ఉట్టి చేతులతో రాడు. చేతిలో ఈసీ ఉంటుంది. పదమూడేళ్ల ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు, కింద రిజిస్ట్రారాఫీసు ముద్ర. భూమి మీద ఏ లావాదేవీ లేదు, 'నిల్' అని ఉంటుంది. దాన్ని పెళ్లిపత్రిక లాగా నా ముందు పరుస్తారు. "కేసేదో ఉందంటున్నారు గానీ మనకు తెలియనట్టే కొనేద్దాం, తెలియక కొన్నవాణ్ణి కోర్టు ఏం చేస్తుంది" అంటారు. ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. అలాంటి తెలివితక్కువతనం ఒకటి మొదలయ్యి ముగిసేదాకా, పెనుకొండ రిజిస్ట్రారాఫీసు పక్కన రేకుల పందిరి కింద కూర్చుని, నా సొంత దస్తూరితో రాశాను.

నేను దస్తావేజు లేఖరిని. డెబ్బైలలో లైసెన్సు తీసుకుని, ఒక డెస్కు పెట్టె, రెండు కలాలు, ఒక పంచాంగంతో ఆ పందిరి కింద చేరాను. రిజిస్ట్రారాఫీసుకీ మున్సిఫ్ కోర్టుకీ మధ్య ఒక టీ అంగడి ఉండేది. అంతే దూరం. ఈ ఆఫీసులో ఎవరు ఏ భూమి అమ్మారో కోర్టుకి పట్టదు. ఆ కోర్టులో ఏ భూమి మీద దావా పడిందో ఈ ఆఫీసుకి పట్టదు. రెండింటి సంగతీ టీ అంగడివాడికి తెలుసు. అయినా లక్షణంగా చదువుకున్నవాళ్లు కూడా ఆఫీసు ముద్రనే నమ్మేవాళ్లు గానీ టీ తాగుతూ ఒక్క మాట అడిగేవాళ్లు కాదు.

ఆ భూమి హిందూపురం రోడ్డు పక్కన మూడెకరాలు. మధ్యలో ఒక పాత బావి. దాని సొంతదారు ధర్మవరంలో ఉండేవాడు. నాలుగు మగ్గాలు, సిల్కు జుబ్బా, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఎవరు అప్పు అడిగినా లేదనడు, ఇవ్వడు. ఎవరు బాకీ అడిగినా ఇస్తాననేవాడు, అదీ ఇవ్వడు. ఆ భూమిని అతను మొదట ఒక సాయిబుకి అమ్ముతానని ఒప్పుకున్నాడు.

ఆ సాయిబు పెనుకొండలోనే రోడ్డు వారన బాడుగ కొట్టంలో ఎద్దులబండి చక్రాలకి ఇనుప పట్టాలు వేసేవాడు. పిడకల మంటలో పట్టాని ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోసి బిగిస్తాడు. మంచి పనివాడు. కానీ అప్పటికే టైరు బండ్లు వచ్చేస్తున్నాయి. "అన్నా, ఇంగ పదేండ్లుంటే నా పని గోవిందా. అంతలోపల నాది అని ఇంత మన్ను ఉండాల. లేకుంటే ముసిలితనంలో ఒకరింట్లో పనికి చేరాల" అని నాతో అన్నాడు. ఉన్న ఒక్క ఆవునీ, భార్య కడియాలనీ అమ్మి, ధరలో ముప్పాతిక భాగం ముందే ఇచ్చేశాడు. ఆ అగ్రిమెంటు రాసింది నేనే. మిగతా సొమ్ము రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చేటట్టు, అప్పుడే భూమి స్వాధీనం చేసేటట్టు రాశాను. కింద 'దస్తూరి' అని నా సంతకం పెట్టాను. అప్పట్లో అలాంటి అగ్రిమెంటుని రిజిస్టరు చెయ్యాలన్న నిర్బంధం మాకు లేదు. కాబట్టి అది ఏ ఈసీలోనూ కనిపించదు. అతని ట్రంకు పెట్టెలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. నా తలలో తప్ప.

రెండేళ్లు గడిచాయి. సాయిబు మిగిలిన డబ్బు పట్టుకుని ధర్మవరానికి రైలెక్కి పోయేవాడు. సొంతదారు "పంట కోతలు కానీ భాయ్, వస్తా, రాసిస్తా" అనేవాడు. ఎవరి పంట, ఎవరి కోత? ఆ మూడెకరాలూ అప్పుడు బీడు. సాయిబు అదీ అడగలేదు, తిరిగొచ్చేసేవాడు. మంచితనం అనుకుంటారేమో, నేను దాన్ని చేతగానితనమే అన్నాను, మొహమ్మీదే అన్నాను. "ఒక వకీలు నోటీసు ఇప్పియ్యి" అన్నాను. ఆ ఒక్క మంచి సలహా ఇచ్చినందుకు నన్ను నేను చాలా కాలం మెచ్చుకున్నాను.

ఆ లోపల హిందూపురంలో పట్టుగూళ్ల ధర లేచింది. మల్బరీ పెట్టినవాడల్లా రాజే అన్నారు. ఒక గూళ్ల వ్యాపారి, శెట్టి, రోడ్డు పక్కన నీళ్లున్న భూమి కోసం వెతుకుతూ ధర్మవరం ఆసామి నోట్లో పడ్డాడు. ఆసామి సాయిబుకి చెప్పిన ధర మీద సగం ఎక్కువ చెప్పాడు. శెట్టి ఒప్పుకున్నాడు. జ్యేష్ఠ బహుళంలో ఇద్దరూ కలిసి నా పందిరి కిందకి వచ్చారు.

నేను భూమి చెక్కుబందీ, నాలుగు దిక్కుల హద్దులు, చూశాను. తూర్పున రోడ్డు, పడమట వంక. అదే భూమి. ఆసామి వైపు చూశాను. అతను వక్కాకు నములుతూ నన్ను చూశాడు, ఒక కన్ను కాస్త చిట్లించాడు. అంతే. దానికి నేనేం చెయ్యాలి? "శెట్టిగారూ, ఈ భూమికి ఇంకో అగ్రిమెంటు ఉంది" అనాలి. అనలేదు. రాత కూలీ, దాని మీద శెట్టి నా చేతిలో పెట్టే బక్షీసూ పోతాయి. పైగా అడిగినవాడికే చెప్పాలి, అడగనివాడికి ఎందుకు చెప్పాలని అప్పట్లో నాకొక పెద్ద నీతి ఉండేది. ఛీ, దానికి నీతి అని పేరు పెట్టుకున్నాను చూడండి.

శెట్టి ఈసీ తెచ్చుకున్నాడు. దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "చూడప్పా, నిల్! పదమూడేండ్లు నిల్! నాలుగు దుడ్లు ఎక్కువైనా చిక్కులేని నేల కొంటాండా" అన్నాడు. భూమి దగ్గరికి పోయి చుట్టుపక్కల రైతులతో ఒక మాట మాట్లాడావా అంటే, దాని అవసరమేముంది అన్నాడు. గవర్నమెంటు ముద్ర ఉండగా గొల్లవాణ్ణీ గొర్రెలకాపరినీ అడగడం ఆయనకి నామోషీ. గూళ్ల మార్కెట్లో ఒక్కొక్క గూడునీ వేళ్ల మధ్య నొక్కి, చెవి దగ్గర ఆడించి కొనేవాడు, మూడెకరాల నేలని కాగితం చూసి కొన్నాడు.

స్టాంపు కాగితాలు తెచ్చాం. వెండరు వాటి వెనక తేదీ, నంబరు, శెట్టి పేరు రాసిచ్చాడు. జ్యేష్ఠ బహుళ చతుర్దశి, గురువారం. ఆసామికి మగ్గాల అప్పు తీర్చాల్సి ఉందట, డబ్బంతా ఆ రోజే కావాలన్నాడు. శెట్టి లెక్కపెట్టి మొత్తం ఇచ్చేసి రసీదు తీసుకున్నాడు. నేను దస్తావేజు రాసేశాను. తేదీ ఒక్కటి మిగిలింది. ఆసామి కలం ముంచాడు, సంతకానికి వంగాడు. శెట్టి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ పొద్దు చతుర్దశి, రేపు అమావాస్య. ఎల్లుండి నుంచి ఆషాఢం. శూన్యమాసంలో భూమి రాయించుకుంటే అచ్చిరాదప్పా. శ్రావణంలో మొదటి శుక్రవారం సంతకాలు పెట్టుకుందాం" అన్నాడు.

"దుడ్లు ఇయ్యడానికి చతుర్దశి అడ్డం రాలేదే శెట్టీ?" అన్నాను.

"దుడ్లు వేరే, భూదేవి వేరే" అన్నాడు, నాకేమీ తెలియదన్నట్టు. ఆసామికి ఏం పోయింది? సొమ్ము చేతికొచ్చింది. "అట్లనే కానీ శెట్టీ" అని కలం తుడిచి నాకిచ్చాడు. దస్తావేజు నా డెస్కు పెట్టెలోకి పోయింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈసీ పట్టుకొచ్చే మహానుభావులకి సరిగ్గా ఇదే అర్థం కాదు. ఆ గురువారం గనక ఆసామి సంతకం పడి ఉంటే, శెట్టి బతికిపోయేవాడు, సాయిబు మునిగిపోయేవాడు. ఒక భూమికి ముందే ఇంకొకరితో అగ్రిమెంటు ఉన్నా, ఆ సంగతి తెలియకుండా, మంచి బుద్ధితో, పూర్తి ధర ఇచ్చి కొన్నవాడి మీద ఆ అగ్రిమెంటు చెల్లదు. చట్టం అలాంటివాణ్ణి కాపాడుతుంది. బోనాఫైడ్ పర్చేజరు అంటారే, అతనే. తెలియలేదు అంటే కళ్లు మూసుకోవడం కాదు, విచారించినా తెలియకపోవడం. భూమిలో ఎవడైనా కాపురముంటే 'నువ్వెవరు, ఎందుకున్నావు' అని అడగాలి, అడగకపోతే తెలిసినట్టే లెక్క. ఈ భూమి బీడు కాబట్టి అందులో అడగడానికి ఎవరూ లేరు. పక్క రైతుల్ని అడగలేదేమని కోర్టులో నిలదీసినా శెట్టికి ఏదో ఒక సమాధానం దొరికేది. దస్తావేజు రిజిస్టరు కావడం ఆలస్యమైనా నష్టం లేదు. సంతకం పెట్టిన నాలుగు నెలల లోపల ఆఫీసులో ఇచ్చి రిజిస్టరు చేయిస్తే అది సంతకం పడిన రోజు నుంచే చెల్లుతుంది. కావలసిందల్లా ఆ సంతకం. దాన్ని మా శెట్టి పంచాంగం చూసి ఆపాడు.

ఆషాఢంలో సంతకం పనికిరాదు గానీ రాళ్లు పనికొస్తాయి. శెట్టి మనసు ఊరుకోలేదు. కంచెకి కూసాలు కావాలని ఆషాఢం రెండో వారంలో ఒక బండి నిండా రాతికూసాలు వేయించి ఆ భూమికి తోలించాడు. పెనుకొండ దాటకముందే బండి చక్రం పట్టా ఊడింది. బండివాడు ఎక్కడికి పోతాడు? పట్టా వేసేవాడి దగ్గరికే పోయాడు.

పట్టా కాలుతుండగా సాయిబు మామూలుగా అడిగాడట, "యాడికప్పా ఇన్ని రాళ్లు?" అని. "హిందూపురం శెట్టి రోడ్డు పక్కన బాయి ఉండే మూడెకరాలు కొన్నాడంట, ఆడికి" అన్నాడట బండివాడు. సాయిబు ఆ చక్రం పని పూర్తి చేసి, కూలి తీసుకుని, అప్పుడు కొట్టానికి తడికె అడ్డం పెట్టి నా దగ్గరికి వచ్చాడు. చేతులకి మసి అలానే ఉంది. అగ్రిమెంటు తీసి నా డెస్కు మీద పెట్టాడు.

"అన్నా, ఇది నువ్వు రాసిందే కదా. చెల్లుతాదా, చెల్లదా?"

అతని కాగితం నా డెస్కు మీద ఉంది. శెట్టి దస్తావేజు అదే డెస్కు లోపల ఉంది. మధ్యలో ఒక చెక్క. నేను "అవన్నీ వకీలుని అడుగు భాయ్, నాదేముంది, నేను రాసేవాణ్ణి" అన్నాను. అతను నా ముఖం చూశాడు. "భూమి ఎవురికన్నా రాసిచ్చినాడా, నీ చెవిన పడిందా?" అన్నాడు. "ఇంతవరకు ఎవరికీ రాసివ్వలేదు" అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాని మాటలు చెప్పడంలో నాకున్న నేర్పు ఇంకెవరికీ లేదు.

అతను మర్నాడే వకీలు దగ్గరికి పోయాడు. నాలుగు రోజుల్లో మున్సిఫ్ కోర్టులో దావా పడింది, ఒప్పందం ప్రకారం భూమి రాసివ్వాలని. ఆషాఢ బహుళంలో. వకీలు గుమాస్తా టీ అంగడిలో నా పక్కనే కూర్చుని, "ఈ పొద్దు ఒక సాయిబు దావా వేసినాంలే" అని చెప్పాడు. సమన్లు ఇంకా ధర్మవరం పోలేదు. ఆసామికి దావా సంగతి తెలియదు, శెట్టికి అసలే తెలియదు. నాకు తెలుసు.

శ్రావణ శుక్రవారం శెట్టి వచ్చాడు. నుదుట విభూతి, భుజాన జరీ కండువా, కొత్త కలం. ఆసామి వచ్చాడు. నేను నా పెట్టెలోంచి దస్తావేజు తీశాను. శెట్టి పక్కన నిలబడి చెప్పగా, సంవత్సరం, శ్రావణ శుద్ధ తిథి, శుక్రవారం అని, దాని పక్కన ఇంగ్లీషు తేదీ కూడా గుండ్రంగా రాశాను. సంతకాలు పడ్డాయి. రిజిస్టరయ్యింది. శెట్టి అందరికీ లడ్డూలు పంచాడు. నేనూ ఒకటి తిన్నాను. అప్పుడైనా 'దావా పడింది శెట్టీ, ఆగు' అనవచ్చు. ఆయన ఆ రోజు నన్ను 'ఏమప్పా, నీ అక్షరం బాగుంటాది గాని బుద్ధి మందం' అని నవ్వాడు. దాంతో నాకు తిక్క రేగింది. చావనీ అనుకున్నాను.

రెండు వారాలకి ధర్మవరానికి సమన్లు అందాయి. ఆసామి హాయిగా చేతులు దులుపుకున్నాడు. శెట్టి పేరు కూడా దావాలో చేరింది. ఆయన హిందూపురం నుంచి ఊగిపోతూ వచ్చాడు. "నాకేం ఎరికప్పా? ఈసీ నిల్! దుడ్లన్నీ దావాకి ముందే ఇచ్చినా! కొనేనాటికి నాకు సమన్లు వచ్చినాయా, నాకు ఎవురైనా చెప్పినారా? నిజాయితీగా కొన్నోణ్ణి ఎవురేం చేస్తారు?" అన్నాడు. పందిరి కింద ఉన్న లేఖరులందరూ అయ్యో పాపం అన్నారు. నేనూ అన్నాను. నాకు ఆయన్ని చూస్తే జాలి కలగలేదు, చిరాకు కలిగింది. బేరంలో నిజాయితీ అంటే ఏమీ అడక్కపోవడం అనుకునే మనిషి.

శెట్టి వకీలు ముసలాయన, మాట కఠినం. ఆయన గదిలో శెట్టికి విషయం చెప్పినప్పుడు నేనూ ఉన్నాను, దస్తావేజు రాసినవాణ్ణి కాబట్టి రమ్మన్నారు.

"దీన్ని లిస్ పెండెన్స్ అంటారు శెట్టీ. భూమి హక్కు మీదే సూటిగా దావా నడుస్తున్నప్పుడు, అందులోని పార్టీ ఆ భూమిని అమ్మితే, అమ్మకం కాగితం చెల్లకుండా పోదు. నీకూ అమ్మినవాడికీ మధ్య అది మంచి కాగితమే. కానీ అవతలి పార్టీకి కోర్టు ఏ హక్కు ఇస్తే దానికి నీ కాగితం తలవంచాల. అతను గెలిస్తే నీది పోతాది, ఓడితే నీది నిలుస్తాది. దావాలో నిన్ను చేర్చకపోయినా తీర్పు నీకు తగులుతాది."

"నాకు తెలీదు కదా సామీ!"

"తెలియడంతో పనే లేదు. సమన్లతోనూ పని లేదు. దావా కాగితం కోర్టులో పెట్టిన రోజు నుంచి లెక్క. అప్పీలు పోయి, తీర్పు అమలయ్యేదాకా లెక్క. కోర్టు పర్మిషను తీసుకుని కొన్నా ఒక దారి, ఇద్దరూ కూడబలుక్కుని నాటకంగా వేసిన దావా అయినా ఒక దారి. నీకు రెండూ లేవు. బోనాఫైడ్ అనే గొడుగు దావాకి ముందు పట్టుకుంటేనే పనికొస్తాది. దావా పడినాక పట్టుకుంటే నెత్తి తడుస్తాది."

"దుడ్లు ముందే ఇచ్చినానే?"

"దుడ్లు కాదప్పా, సంతకం. దుడ్లు ఇచ్చినంత మాత్రాన భూమి నీదైపోదు. రాసిచ్చిన నాడే అవుతాది. నీ రసీదు పట్టుకుని ఆసామి మీద డబ్బు వాపసు అడుక్కో."

ఆయన దస్తావేజుని తిప్పి వెనక చూశాడు. స్టాంపు వెండరు తేదీ కనిపించింది. జ్యేష్ఠం. దావాకి మూడు వారాల ముందు. ఆయన కళ్లజోడు తీసి నా వైపు తిరిగాడు. "ఈ సంతకాలు నిజంగా ఎప్పుడు పడినాయి?" అన్నాడు, చాలా మెల్లగా.

ఆ ప్రశ్నలో ఉన్నది నాకు వెంటనే అర్థమయ్యింది. మా దిక్కున చాలామంది అమావాస్యకో మంగళవారానికో సంతకాలు పెట్టేసి, తేదీ మాత్రం మంచి తిథి వేయించుకుంటారు. మా పందిరి కింద రాసిన కాగితాల నిండా అలాంటి తిథులే. కాబట్టి సంతకాలు స్టాంపు కొన్న చతుర్దశి నాడే పడ్డాయి, శ్రావణ శుక్రవారం కేవలం శుభం కోసం వేసుకున్న తేదీ అని లేఖరి బోనెక్కి చెబితే జడ్జి నమ్మవచ్చు. నమ్మితే శెట్టి దావాకి ముందు కొన్నవాడైపోతాడు, బోనాఫైడ్ గొడుగు విప్పుకుంటాడు. సాయిబు ముప్పాతిక డబ్బు కోసం ధర్మవరం ఆసామి గడప చుట్టూ తిరుగుతాడు, బతికినంత కాలం. అదంతా నా నోటి మాట మీద ఉంది.

శెట్టి తల ఆడించాడు. శ్రావణ శుక్రవారం మీద ఆయనకున్న భక్తి అంతా ఒక్క నిమిషంలో ఎగిరిపోయింది. "అవునప్పా, జ్యేష్ఠంలోనే పెట్టినాం, నీకు గుర్తు లేదా?" అన్నాడు. భూదేవి ఇప్పుడు చతుర్దశి నాడు కూడా అచ్చొచ్చేదైపోయింది.

కేసు విచారణకి రావడానికి మూడేళ్లు పట్టింది. శెట్టి నన్ను తన సాక్షిగా వేయించాడు. ఆ మూడేళ్లూ పండగపండక్కీ ఒక మనిషి హిందూపురం నుంచి మా ఇంటికి ధోవతుల చాపూ, మిఠాయీ తెచ్చేవాడు. నేను తీసుకున్నాను. 'చెప్తాను' అనలేదు, 'చెప్పను' అనలేదు.

బోనెక్కిన రోజు సాయిబు కోర్టు హాలులో వెనక బల్ల మీద కూర్చున్నాడు. అప్పటికే సగం బండ్లు టైర్లకి మారాయి, అతని కొట్టంలో వారానికి రెండు చక్రాలు కూడా రావడం లేదు. శెట్టి వకీలు అడిగాడు, "సంతకాలు జ్యేష్ఠ బహుళ చతుర్దశి నాడు పడ్డాయి కదా?" అని.

నేనేదో సత్యసంధుణ్ణని చెప్పలేదు. ఆ తిథిని నా కలంతో, అదే సిరాతో, సంతకాల రోజే రాశాను. నా చేతిరాత మీద నాకు అంతులేని గర్వం. దాన్ని పట్టుకుని నేను అబద్ధం రాశానని నా నోటితోనే చెప్పడానికి నోరు రాలేదు. "లేదు. శ్రావణ శుక్రవారం నాడే పడ్డాయి. చతుర్దశి నాడు ఆసామి పెట్టబోతే శెట్టిగారే ఆపారు" అన్నాను. శెట్టి ముఖం పాలిపోయింది. నాకు లోలోపల కాస్త గొప్పగానే అనిపించింది. వెనక బల్ల వైపు చూశాను కూడా, సాయిబు నన్ను చూస్తున్నాడేమోనని.

అప్పుడు సాయిబు వకీలు లేచాడు. కుర్రవాడు, చేతిలో పాత అగ్రిమెంటు. నాకు చూపించి, "ఈ దస్తూరి ఎవరిది?" అన్నాడు.

"నాదే."

"రెండో దస్తావేజు రాసేటప్పుడు, ఇదే భూమికి ఈ అగ్రిమెంటు ఉందని మీకు గుర్తుందా?"

"ఉంది."

"శ్రావణ శుక్రవారం నాటికి దావా పడిన సంగతి?"

నేను శెట్టి వైపు చూశాను. జడ్జి కలం ఆపి తలెత్తాడు. "చెప్పండి" అన్నాడు.

"తెలుసు."

"ఎవరికి చెప్పారు?"

ఆ ప్రశ్న వకీలు అడగలేదు. జడ్జి అడిగాడు. "ఎవరికీ చెప్పలేదు" అన్నాను. ఆయన దాన్ని రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. దిగిపొమ్మని చెయ్యి ఊపాడు.

బయట శెట్టి నన్ను పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. "ఏమప్పా, చతుర్దశి నాడే నువ్వు ఒక్క మాట చెప్పింటే, నేను కొనే వాణ్ణే కాదు కదా" అన్నాడు. అంతకాలం ఆయన్ని మూర్ఖుడనుకున్న నేను, టీ అంగడి వైపు కూడా చూడకుండా పందిరి కిందకి పోయాను.

తీర్పు సాయిబుకి వచ్చింది. మిగిలిన ధర కోర్టులో కట్టాలి, ఆసామీ, అతనితో పాటు శెట్టీ కలిసి దస్తావేజు రాసివ్వాలి, రాయకపోతే కోర్టే రాసిస్తుంది అన్నారు. శెట్టి అనంతపురం జిల్లా కోర్టుకి అప్పీలు పోయాడు, అక్కడ ఇంకో మూడేళ్లు. ఈసీ నిల్ అన్న పాటే పాడాడు. అక్కడా అదే అన్నారు. ఆసామి అప్పటికే మగ్గాలు భార్య పేరు మీదకి మార్చేశాడు. శెట్టి డబ్బు కోసం ధర్మవరానికి రైలెక్కి పోయి వచ్చేవాడు. సాయిబు పోయినట్టే. అదే రైలు.

ఎనభైల నడుమ, ఒక సోమవారం పొద్దున, సాయిబు రిజిస్ట్రారాఫీసుకి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కొట్టం మూసేసి ఏడాది దాటింది, టైరు బండ్లకి పట్టాలు అక్కర్లేదు. ఆ పదేళ్లూ వయసుండగా సాగు చేసుకోవాల్సిన మూడెకరాలు, ఇప్పుడు ఒంట్లో సత్తువ లేనప్పుడు చేతికొస్తున్నాయి. కోర్టు ఆర్డరు కాపీ చేతిలో ఉంది. దస్తావేజు చిత్తు రాయించి కోర్టులో పెట్టాలి, అక్కడి ఆఫీసరు సంతకం చేస్తాడు.

ఆ పందిరి కింద అతని భూమి చెక్కుబందీ కళ్లు మూసుకుని రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కలం మూత తీశాను. డెస్కు మీద కాగితం సరిచేసుకున్నాను. కూలి తీసుకోకూడదని కూడా మనసులో అనుకున్నాను.

అతను నా ముందుకి వచ్చి ఆగాడు. "బాగుండావా అన్నా?" అన్నాడు. "బాగున్నాను భాయ్" అన్నాను. తల ఊపి ముందుకి పోయాడు. పందిరి చివర కొత్తగా చేరిన లేఖరి ఒకడున్నాడు, అక్షరం కోడి గెలికినట్టు ఉంటుంది, రెండు ముక్కలకి ఒకటి కొట్టివేత. సాయిబు అతని ముందు చాప మీద కూర్చున్నాడు. అతను రాస్తున్నంత సేపూ కాగితం మీంచి చూపు తిప్పలేదు. ఒక్కొక్క మాట రాయగానే చదివి వినిపించమన్నాడు. తూర్పున రోడ్డు, పడమట వంక. విన్నాక, "ఈ భూమి గురించి నీకు ఇంకేమన్నా తెలిసుంటే ఇప్పుడే చెప్పప్పా" అన్నాడు, ఆ కుర్ర లేఖరితో. వాడు అర్థం కాక నవ్వాడు.

నాకు వినిపించింది. నేను కలానికి మూత పెట్టాను.